నిర్ణయం ఇద్దరికి రెండు రకాలుగా గుర్తుంటే మినిట్స్‌లో ఏం రాయాలి?

మీటింగ్ అయిన నాలుగో రోజు మినిట్స్ డ్రాఫ్ట్ పంపిస్తారు, ఆ రాత్రే ఒకరు ఫోన్ చేసి "అదేంటండీ, మూడు నెలలకే కదా ఒప్పుకున్నాం, ఆ మాటే రాయలేదేంటి" అంటారు. పొద్దున్న లేచేసరికి ఇంకొకరి మెసేజ్: "డ్రాఫ్ట్ సరిగ్గా ఉంది, దయచేసి ఏమీ మార్చకండి." ఇద్దరూ అబద్ధం చెప్పే మనుషులు కాదు. ఇద్దరూ ఆ గదిలోనే ఉన్నారు. మధ్యలో ఇరుక్కున్నది కార్యదర్శి.

చాలా ఏళ్లుగా చిన్న చిన్న కమిటీలకి మినిట్స్ రాస్తున్నాను, ఇలాంటి టెన్షన్ నాలుగైదు సార్లు పడ్డాను. ఇక్కడ నాలుగు దారులున్నాయి: కార్యదర్శి తన నోట్సు చూసి ఒకటే రాసేయడం, రెండు వెర్షన్లూ పక్కపక్కన రాయడం, ఇద్దరూ ఒప్పుకున్నంత వరకే రాసి మిగతాది వదిలేయడం, లేదంటే విషయాన్ని మళ్లీ మీటింగ్‌లో పెట్టి కొత్తగా నిర్ణయం తీసుకోవడం. ఏది ఎప్పుడు సరిపోతుందో ఒక కేసు పట్టుకుని చెబుతాను, అది లేకుండా చెబితే అన్నీ సరైనవే అనిపిస్తాయి.

కేసు ఇది. ఏడుగురు సభ్యులున్న ఒక లైబ్రరీ కమిటీ. లైబ్రరీ హాలుని ఆదివారం ఉదయం 9 నుంచి 11 దాకా ఒక డాన్స్ క్లాసు వాళ్లకి ఇవ్వాలని ఒక సభ్యురాలు ప్రతిపాదించారు, ఇంకొకరు బలపరిచారు, పావుగంట మాట్లాడుకున్నారు, ఐదుగురు చేతులెత్తారు, ఇద్దరు వ్యతిరేకించారు. నేను డ్రాఫ్ట్‌లో రాసింది: "ఆదివారాల్లో ఉదయం 9 నుంచి 11 వరకు హాలును డాన్స్ క్లాసుకు ఇవ్వాలని తీర్మానించారు. అనుకూలం 5, వ్యతిరేకం 2." కోశాధికారికి గుర్తున్నది "మూడు నెలలు ట్రయల్‌గా ఇద్దాం, తర్వాత చూద్దాం" అని. ఆయన చెయ్యి ఎత్తింది కూడా ఆ షరతు ఉందనుకునే. ప్రతిపాదించిన సభ్యురాలికి గుర్తున్నది గడువు ఏమీ లేదని, ఎవరైనా ఫిర్యాదు చేస్తే అప్పుడు చూద్దామని. నా నోట్సులో ఏముందో తెలుసా? "3 నె. చూద్దాం" అని ఒక మూల గీకి ఉంది. ఎవరన్నారో లేదు, ఓటింగుకి ముందా తర్వాతా అన్నదీ లేదు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఇద్దరూ వినని మాటేమీ లేదు. "మూడు నెలలు" అన్న మాట గదిలో ఎవరో అన్నారు, అది ఖాయం. తేడా ఎక్కడంటే, ఆ మాట ఓటు వేసిన ప్రతిపాదనలో భాగమా, లేక చర్చలో ఎవరో అనేసి వదిలేసిన అభిప్రాయమా అన్న దగ్గర. నేను చూసిన గొడవల్లో ఎక్కువ ఈ రకమే. మనిషికి తను విన్న మంచి మాట, తనకి నచ్చిన మాట, నిర్ణయంలో కలిసిపోయినట్టు గుర్తుండిపోతుంది. కాబట్టి "అన్నారా లేదా" అని అడిగితే ఇద్దరూ "అన్నారు" అంటారు, గొడవ తెగదు. "చేతులెత్తే ముందు అధ్యక్షుడు చదివిన వాక్యంలో ఆ మాట ఉందా" అని అడగాలి. మా కేసులో అధ్యక్షుడు వాక్యం చదవనే లేదు, "సరే, హాలు విషయం, ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి" అన్నారట. అక్కడే దెబ్బ పడింది.

ఏ దారి ఎంచుకున్నా ముందు రెండు రోజుల పని ఉంది. మిగతా సభ్యులని విడివిడిగా, రాతలో అడగాలి, అదీ గ్రూపులో కాదు. గ్రూపులో అడిగితే మొదట జవాబిచ్చిన మనిషి జ్ఞాపకమే అందరి జ్ఞాపకం అయిపోతుంది, నాలుగో మనిషి "నాకూ అలాగే గుర్తు" అంటాడు, అతనికి నిజంగా ఏం గుర్తుందో ఇక ఎప్పటికీ తెలియదు. ప్రశ్న కూడా తెరిచి ఉంచాలి. "మూడు నెలలు అనుకున్నాం కదా?" అని అడిగితే అది ప్రశ్న కాదు, సూచన. నేను పంపింది: "హాలు గురించి మనం ఓటు వేసిన నిర్ణయం ఏమిటో, మీకు గుర్తున్న మాటల్లో రెండు వాక్యాలు రాయండి. గుర్తు లేకపోతే గుర్తు లేదని రాయండి, అదీ పనికొస్తుంది." జవాబు ఇవ్వనివాళ్లని ఏ పక్షంలోనూ లెక్కపెట్టకండి.

కాగితాలు కూడా చూడాలి, కానీ అన్నిటికీ ఒకే బరువు ఉండదు. మీటింగ్ జరుగుతుండగా రాసిన నోట్సు అన్నిటికన్నా బరువైనది, అది తప్పుగా రాసినా సరే, అప్పటికి గొడవ పుట్టలేదు కాబట్టి. ఆ రాత్రి ఎవరో ఇంకెవరికో పంపిన మెసేజ్ దాని తర్వాత. డ్రాఫ్ట్ చూశాక రాసిన మెయిల్ చాలా తేలిక, ఎందుకంటే అది అప్పటికే వాదన. రికార్డింగ్ ఉంటే వినండి, కానీ అందులో కూడా అదే ప్రశ్న వెతకండి: ఓటుకి ముందు చివరిగా చెప్పిన వాక్యం ఏమిటి? మీటింగ్ మొత్తం వింటే ఇద్దరికీ ఆధారాలు దొరుకుతాయి.

మా కేసులో మిగతా ఐదుగురిలో ఇద్దరు "మూడు నెలలు అని ఎవరో అన్నారు, అది తీర్మానంలో ఉందో లేదో చెప్పలేను" అన్నారు, ఒకరు గడువు లేదన్నారు, ఒకరు చర్చ జరుగుతుండగా ఫోన్ మాట్లాడటానికి బయటికి వెళ్లి చేతులెత్తే వేళకే తిరిగొచ్చారట, అధ్యక్షుడు తనకి ట్రయల్ అనే గుర్తు అన్నారు. అంటే తేలలేదు. ఒక్కోసారి ఈ దశలోనే తేలిపోతుంది, ఒకాయన తన పాత మెసేజ్ తనే చూసుకుని "సారీ, నేనే తప్పు" అంటారు, అప్పుడు ఇక ఈ వ్యాసంతో పని లేదు.

ఇప్పుడు దారులు.

నోట్సు చూసి ఒకటే రాయడం

ఇది వినడానికి పెత్తనంలా ఉంటుంది కానీ నిజానికి డ్రాఫ్ట్ దశలో కార్యదర్శి చెయ్యాల్సింది ఇదే. డ్రాఫ్ట్ అంటే కార్యదర్శి రికార్డు, కమిటీ రికార్డు కాదు. కమిటీ ఆమోదించేదాకా అది కమిటీది కాదు. కాబట్టి మీ నోట్సు స్పష్టంగా ఉంటే, అంటే ఓటుకి పెట్టిన వాక్యం అందులో ఉంటే, దాన్నే ఉంచి, అభ్యంతరం ఉన్న సభ్యుడిని వచ్చే మీటింగ్‌లో సవరణ ప్రతిపాదించమని చెప్పండి. ఆ హక్కు ఆయనకి ఉంది, మినిట్స్ ఆమోదం అన్న అంశం ఎజెండాలో పెట్టేదే అందుకు.

ఇది చెడేది రెండు చోట్ల. నోట్సు నాలాగా "3 నె. చూద్దాం" అని ఉంటే దాన్ని ఆధారం అని పిలవకూడదు. రెండోది, కార్యదర్శి కూడా ఆ ఓటులో పక్షం తీసుకుని ఉంటే, లేదా ఆ ఇద్దరిలో ఒకరు కార్యదర్శే అయితే. అప్పుడు ఆ ఒక్క అంశం వరకు డ్రాఫ్ట్ ఇంకొకరితో రాయించండి, మీకు గుర్తున్నది మిగతావాళ్లలాగే రెండు వాక్యాలు రాసి వాళ్లకి ఇవ్వండి. నోట్సు కూడా ఇచ్చేయండి, మార్చకుండా.

రెండూ పక్కపక్కన రాయడం

న్యాయంగా కనిపించేది ఇదే, అందుకే అందరూ ముందు దీని దగ్గరికే వెళ్తారు. "కోశాధికారి ప్రకారం మూడు నెలలు, ప్రతిపాదకురాలి ప్రకారం గడువు లేదు" అని మొదటి మీటింగ్ మినిట్స్‌లో రాసేస్తారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఇది తప్పు, ఎందుకంటే ఆ మీటింగ్‌లో ఆ భేదం జరగలేదు. ఆ రోజు ఎవరూ గొడవ పడలేదు, చేతులెత్తి టీ తాగి వెళ్లిపోయారు. భేదం పుట్టింది డ్రాఫ్ట్ వచ్చాక. మినిట్స్ ఏ రోజు ఏం జరిగిందో చెప్పే కాగితం, కాబట్టి భేదం ఏ మీటింగ్‌లో బయటపడిందో ఆ మీటింగ్ మినిట్స్‌లోకే వెళ్లాలి. మొదటి దాంట్లో నిర్ణయం, రెండో దాంట్లో ఆ నిర్ణయం మీద భేదం. ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం గొడవలు తేలికవుతాయి.

పైగా మొదటి మినిట్స్‌లో రెండు వెర్షన్లు పెడితే ఆ నిర్ణయాన్ని ఎవరూ అమలు చెయ్యలేరు. హాలు తాళం చేతిలో ఉన్న మనిషి ఏది చదివి తలుపు తియ్యాలి?

ఒక్క మినహాయింపు ఉంది: మీటింగ్‌లోనే, అప్పటికప్పుడే, "ఇది ట్రయల్‌గానే కదా?" "కాదు" అని మాట వచ్చి తేలకుండానే ఓటుకి వెళ్లిపోయుంటే అది ఆ రోజు జరిగిన విషయమే, అక్కడే రాయాలి.

ఒప్పుకున్నంత వరకే రాయడం

హాలు ఇవ్వాలి, ఆదివారం, 9 నుంచి 11, ఐదు రెండు. ఇందులో ఎవరికీ పేచీ లేదు. మిగతాది రాయకుండా వదిలేస్తే మినిట్స్ శుభ్రంగా ఉంటాయి. కానీ జాగ్రత్త, ఇది తటస్థంగా కనిపించే పక్షపాతం. గడువు మాట రాయకపోతే గడువు లేదనే చదువుతారు, అంటే సభ్యురాలి వెర్షన్ గెలిచినట్టే. నా మొదటి డ్రాఫ్ట్ చేసింది సరిగ్గా ఇదే, నాకు తెలియకుండా. ఏదైనా షరతు ఉందా లేదా అన్న గొడవలో మౌనం ఎప్పుడూ "లేదు" వైపే ఓటు వేస్తుంది.

ఈ దారి పనికొచ్చేది గొడవ ఉన్న భాగం నిర్ణయాన్ని మార్చనప్పుడు. ప్రతిపాదించింది ఎవరు, ముందు మాట్లాడింది ఎవరు, కారణం ఏమని చెప్పారు, ఇలాంటివి తేలకపోతే నిశ్చింతగా వదిలేయండి. రాబర్ట్స్ రూల్స్ అని చాలా సంఘాలు పాటించే పద్ధతి ఒకటుంది, 1876 నుంచి వాడుకలో ఉంది, దాని ప్రకారం మినిట్స్‌లో రాయాల్సింది సభ్యులు ఏం చేశారన్నదే, ఏం మాట్లాడారన్నది కాదు. ఎవరేమన్నారో రాయడం తగ్గించిన కొద్దీ పోట్లాడుకోవడానికి వాక్యాలు తగ్గుతాయి, ఇది నేను కాస్త ఆలస్యంగా నేర్చుకున్నాను.

మళ్లీ నిర్ణయించడం

అసలు అడగాల్సింది ఇది: ఈ పాత నిర్ణయం మీద ఆధారపడి ఇప్పటికే ఎవరైనా ఏదైనా చేశారా? చెయ్యకపోతే జ్ఞాపకాల మీద గంట పోట్లాట దేనికి, వచ్చే మీటింగ్‌లో స్పష్టమైన వాక్యంతో కొత్త తీర్మానం పెట్టండి, పదినిమిషాల్లో అయిపోతుంది. ఎవరూ "నేను తప్పు" అని ఒప్పుకోనక్కర్లేదు, అది పెద్ద సుఖం.

కానీ చేసేసి ఉంటే కొత్త తీర్మానం పాతదాన్ని కప్పదు. డాన్స్ క్లాసు వాళ్లకి ఏడాదికి ఉత్తరం ఇచ్చేశారనుకోండి, అప్పుడు ప్రశ్న "ఇకమీదట ఏం చేద్దాం" కాదు, "ఆ ఉత్తరం ఇవ్వడానికి అధికారం ఉందా" అన్నది. దానికి పాత రికార్డు తేల్చాలి, లేదా ఇచ్చిన ఉత్తరాన్ని కమిటీ ఇప్పుడు ఓటుతో ఆమోదించాలి. ఇక కొత్త తీర్మానానికి పాత తేదీ వెయ్యడం, "అప్పటి నుంచే అమల్లో ఉంది" అని రాయడం మాత్రం వద్దు. అది సవరణ కాదు, కల్పన.

మేము చేసింది ఒకటో దారి, నాలుగో దారి కలిపి, ఈ వరసలో. నా నోట్సు ఆధారం కాకపోయినా, విడివిడిగా అడిగినా ఏదీ తేలలేదు కాబట్టి డ్రాఫ్ట్ మార్చలేదు. వచ్చే మీటింగ్‌లో మినిట్స్ ఆమోదం దగ్గర కోశాధికారి "3 నెలల పాటు" అన్న మాటలు చేర్చాలని సవరణ ప్రతిపాదించారు, ఒకరు బలపరిచారు. ఇద్దరికీ రెండేసి నిమిషాలు ఇచ్చారు అధ్యక్షుడు. ఓటు 3-3, ఫోన్ మాట్లాడటానికి వెళ్లిన ఆయన ఎటూ వెయ్యలేదు. సమానం అయితే ప్రతిపాదన వీగిపోతుంది, కాబట్టి సవరణ పోయింది, డ్రాఫ్ట్ అలాగే నిలిచింది. (మీ నిబంధనల్లో అధ్యక్షుడికి నిర్ణాయక ఓటు ఉంటే లెక్క మారుతుంది, ముందే చూసుకోండి.) వెంటనే రెండో అంశంగా కొత్త తీర్మానం: ఫలానా తేదీ దాకా హాలు ఇద్దాం, ఆ తేదీకి ముందు మీటింగ్‌లో సమీక్ష అంశం తప్పక పెడదాం. ఈసారి అధ్యక్షుడు వాక్యం గట్టిగా చదివారు. ఆరుగురు అనుకూలం, ఒకరు వ్యతిరేకం.

రెండు ఓట్లు విడిగా పెట్టడం ఎందుకంటే, జ్ఞాపకం మీద ఓటు పెడితే మనుషులు గుర్తున్నదానికి కాదు, తమకి కావాల్సినదానికి వేస్తారు. మొదట్లో వ్యతిరేకించిన ఇద్దరికీ అకస్మాత్తుగా గడువు గుర్తొస్తే దానర్థం మీకే తెలుస్తుంది. "వచ్చే అంశంలో ముందుకి ఏం చెయ్యాలో విడిగా నిర్ణయిస్తాం" అని ముందే చెప్పేస్తే మొదటి ఓటు మీద ఒత్తిడి కొంత తగ్గుతుంది, పూర్తిగా కాదు. మీటింగ్‌కి రానివాళ్లు సవరణ మీద ఓటు వెయ్యొచ్చా అని అడుగుతుంటారు. రాబర్ట్స్ రూల్స్ ప్రకారం వెయ్యొచ్చు. కమిటీ రికార్డు ఏమిటో కమిటీయే తేలుస్తుంది, ఆ రోజు గదిలో ఉన్నవాళ్లు మాత్రమే కాదు. ఇది మొదట వింతగా అనిపించింది, మన దగ్గర లిఖిత ఆధారాలు ఉంటే అర్థవంతమే, లేకపోతే రానివాళ్లు తమంతట తాము ఊరుకుంటే బాగుంటుంది.

వాక్యాలు ఎలా రాయాలి

రెండో మీటింగ్ మినిట్స్‌లో మేము రాసింది దాదాపు ఇది: "గత సమావేశ మినిట్స్‌లో హాలు తీర్మానానికి '3 నెలల పాటు' అన్న మాటలు చేర్చాలని కోశాధికారి సవరణ ప్రతిపాదించారు. మూడు నెలల గడువు తీర్మానంలో భాగమని తనకు గుర్తుందని ఆయన అన్నారు. తీర్మానంలో గడువు లేదని తనకు గుర్తుందని ప్రతిపాదకురాలు అన్నారు. తీర్మాన వాక్యం ఓటుకు ముందు చదవలేదని అధ్యక్షుడు తెలిపారు. అనుకూలం 3, వ్యతిరేకం 3, తటస్థం 1. సవరణ వీగిపోయింది. మినిట్స్‌ను డ్రాఫ్ట్‌లో ఉన్నట్టే ఆమోదించారు."

ఇందులో ఇద్దరికీ ఒకే క్రియ వాడాం: గుర్తుందని అన్నారు. ఒకరికి "తెలిపారు", ఇంకొకరికి "వాదించారు" అని రాస్తే చదివేవాడికి తీర్పు ముందే అందిపోతుంది. "స్పష్టం చేశారు" అయితే ఇంకా ఘోరం, ఆ మాట అన్న మనిషే కరెక్ట్ అని అర్థం. ఒకరికి ఒక వాక్యం, ఇంకొకరికి నాలుగు వాక్యాలు కూడా వద్దు, ఒకరి కారణం రాస్తే రెండోవారి కారణమూ రాయాలి. పంపే ముందు ఎవరి వాక్యం వాళ్లకి చూపించండి, అవతలివాళ్ల వాక్యం మీద అభిప్రాయం అడగకండి, అడిగితే మళ్లీ మొదటికొస్తుంది. వ్యతిరేక ఓటు పేరుతో రాయమని ఎవరైనా అడిగితే రాయండి, అడగకపోతే అంకె చాలు.

ఆమోదించి సంతకం అయిపోయిన మినిట్స్ మీద గొడవ వస్తే పద్ధతి వేరు. ఎంత కాలమైనా తప్పు దిద్దొచ్చు, కానీ పాత పేజీ మీద కాదు. వైట్‌నర్, కొట్టివేత, ఫైలులో నిశ్శబ్దంగా మార్చి మళ్లీ అప్‌లోడ్ చెయ్యడం, ఇవేవీ వద్దు. సవరణ కొత్త మీటింగ్ తీర్మానంగా వస్తుంది, పాత పేజీ అంచున "ఫలానా తేదీ మినిట్స్ చూడండి" అని రాసి పొట్టి సంతకం పెడితే చాలు. రాబర్ట్స్ రూల్స్ ఇక్కడ గట్టిగా ఉంటుంది: ముందుగా నోటీసు ఇస్తే మామూలు మెజారిటీ, ఇవ్వకపోతే మూడింట రెండు వంతుల ఓట్లు, లేదా మొత్తం సభ్యుల్లో మెజారిటీ కావాలి. మీ సంఘం నిబంధనలు వేరేగా చెబితే అవే చెల్లుతాయి. చట్టం కింద నడిచే సంస్థలో, లేదా ఆడిట్‌కి, కోర్టుకి వెళ్లే విషయంలో ఇంత మాత్రం చాలదు, ఆ రంగం తెలిసిన మనిషిని అడిగాకే చెయ్యి పెట్టండి.

మా కోశాధికారి రెండు వారాలు నాతో ముభావంగానే ఉన్నారు. తర్వాతి మీటింగ్‌లో ఇంకో విషయం ఓటుకి వచ్చినప్పుడు ఆయనే చెయ్యి అడ్డం పెట్టి, "ముందు వాక్యం చదవండి, కార్యదర్శి గారు రాసుకోనివ్వండి, అప్పుడు చేతులెత్తుదాం" అన్నారు. నేను రాసుకున్నాను, చదివాను, ఆయన ఒక మాట మార్చమన్నారు, మార్చాక ఓటు వేశారు.